కుంభకర్ణుడు సభలో మాట్లాడినాడా, నిద్రలో ఉన్నాడా?

పొద్దుటూరు_నాటకం
శ్రీరామనవమికి యుద్ధకాండ నాటకం వేస్తున్నాం. అంతా కుదిరింది గానీ కుంభకర్ణుడి దగ్గర ఆగిపోయినాం. మా ప్రతిలో ఆయన మొదటిసారి కనబడేది నిద్రలేపే రంగంలోనే. నిన్న రిహార్సల్ చూసిన పెద్దాయన ఒకరు, "అంతకుముందే రావణుడి సభలో కూర్చుని అన్నను కడిగేసినాడు కదా, ఆ రంగం యాడికి పోయింది?" అని అడిగినాడు. నెలల తరబడి నిద్రపోయేవాడు సభకు ఎట్లా వచ్చినట్టు? వచ్చి తిట్టినోడు మళ్ళీ అదే అన్న కోసం యుద్ధానికి ఎందుకు పోయినట్టు? ఈ పాత్రను ఎట్లా నిలబెట్టాలో తెలియడంలేదు. తెలిసినోళ్ళు చెప్పండి.

ఆదోని_పత్తి
ఇందులో తికమక ఏముందప్పా. ఇంద్రాసనం అడగబోయి నిద్రాసనం అన్నాడు. బ్రహ్మ సరేనన్నాడు. ఆరు నెలలు నిద్ర, ఒక రోజు మెలకువ. మధ్యలో లేపితే చావు తప్పదని కూడా బ్రహ్మే చెప్పినాడు. రావణుడు మధ్యలో లేపినాడు, అందుకే చచ్చినాడు. సభలో ఉండే అవకాశమే లేదు.

బద్వేలు_సరోజ
మా పెద్దోడు సెలవుల్లో పన్నెండు గంటలు పడుకుంటున్నాడు. లేపితే చిరాకు. ఇది కుంభకర్ణ నిద్ర అనే జబ్బేనా? ఏ డాక్టరుకు చూపించాలి?

గుత్తి_కోట
సరోజక్కా, ఇక్కడ మాట్లాడేది రామాయణంలోని కుంభకర్ణుడి గురించి. పిల్లోడికి సెలవుల్లో అట్లా పడుకోవడం మామూలే. బడి తెరిచినాక కూడా అట్లే ఉంటే డాక్టరుకు చూపించండి.

కాండ_సర్గ
ఆదోని అన్నా, మీరు చెప్పినదాంట్లో సగం నిజం. మిగతా సగం వాల్మీకిలో లేదు.

పెద్దాయన చెప్పిందే కరెక్టు. యుద్ధకాండ 12వ సర్గలో కుంభకర్ణుడు మెలకువగా సభలో ఉన్నాడు. రావణుడే అందరికీ చెప్తాడు: ఈయన ఆరు నెలలుగా నిద్రలో ఉన్నాడు, అందుకే సంగతి ముందే చెప్పలేకపోయినాను, ఇప్పుడు లేచినాడు అని. కుంభకర్ణుడికి కోపం వస్తుంది. సీతను తెచ్చేముందు మమ్మల్ని అడిగి ఉండాల్సింది, చేసేసినాక ఇప్పుడు ఆలోచన అడిగితే ఏం లాభం అంటాడు. విషం కలిపిన మాంసం తిన్నోడు చచ్చినట్టు నువ్వు కూడా రాముడి చేతిలో చావాల్సినవాడివి, ఇంకా బతికుండడం నీ అదృష్టం అంటాడు. సభలో ఇంత మాట అన్నవాళ్ళు తక్కువ. మళ్ళీ అదే నోటితో, అయినా నేను సర్దేస్తాను, రాముడు రెండో బాణం వేసేలోపల వాడి నెత్తురు తాగుతాను అంటాడు.

మీ పాత్ర మొత్తం ఈ ఒక్క ప్రసంగంలోనే ఉంది. తప్పు అని ముఖాన చెప్తాడు, ఆ తప్పును తన మీద వేసుకుంటాడు. నిద్రలేపే రంగంతో మొదలుపెడితే ప్రేక్షకుడికి తిండిపోతు రాక్షసుడు మాత్రమే కనబడతాడు.

"మధ్యలో లేపితే చావు" అనే షరతు మటుకు వాల్మీకిలో లేదు. జనంలో బాగా తిరుగుతుంది, అంతే.

ఆదోని_పత్తి
లేదంటే ఎట్లా? చిన్నప్పటి నుంచి హరికథల్లో వింటున్నాం.

కాండ_సర్గ
హరికథల్లో ఉంటుంది, కాదనను. నేను చెప్పేది 61వ సర్గ గురించి. అక్కడ విభీషణుడు రాముడికి ఈ నిద్ర కథ చెప్తాడు. అందులో వరం ఊసే లేదు, ఉన్నది శాపం. కుంభకర్ణుడు పుట్టగానే ఆకలికి వేల ప్రాణులను తినేసినాడు. ఇంద్రుడు వజ్రంతో కొడితే, ఐరావతం దంతం పెరికి అదే దంతంతో ఇంద్రుడి గుండె మీద కొట్టినాడు. దేవతలు పోయి బ్రహ్మకు మొరపెట్టుకున్నారు. బ్రహ్మ వీడిని చూసి తానే భయపడి, చచ్చినవాడిలాగా పడుకో అన్నాడు. అప్పుడు రావణుడు అడ్డం పడినాడు. పెంచిన బంగారు చెట్టును కాయ కాసే వేళకు నరుకుతారా, నీ మునిమనవడిని నువ్వే శపిస్తావా, నిద్రకైనా మెలకువకైనా ఒక కాలం పెట్టు అని అడుక్కున్నాడు. అప్పుడు బ్రహ్మ ఆరు నెలలు నిద్ర, ఒక రోజు మెలకువ అన్నాడు.

ఇక్కడ గమనించండి. ఆ ఒక్కరోజు మెలకువ కూడా అన్న అడిగి తెచ్చిపెట్టిందే. నాటకంలో దీన్ని వాడుకుంటే, యుద్ధానికి ఎందుకు పోయినాడు అనే ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

గుత్తి_కోట
మరి సరస్వతి నాలుక మీద కూర్చుంది అనేది?

కాండ_సర్గ
అది ఉత్తరకాండ, 10వ సర్గ. అన్నదమ్ములు ముగ్గురూ తపస్సు చేస్తారు. కుంభకర్ణుడికి వరం ఇయ్యొద్దని దేవతలు బతిమాలితే, బ్రహ్మ సరస్వతిని వాడి నోట్లోకి పంపుతాడు. వాడు చాలా ఏళ్ళు నిద్రపోవాలి అని అడుగుతాడు. దేవతలు వెళ్ళిపోయినాక, నా నోటి నుంచి ఈ మాట ఎందుకు వచ్చింది, దేవతలే మోసం చేసినట్టున్నారు అని తనే అనుకుంటాడు. తర్వాత 13వ సర్గలో నిద్ర ముంచుకొస్తే ఒక ఇల్లు కట్టించమని అన్నను అడుగుతాడు. ఒక యోజనం వెడల్పు, రెండు యోజనాల పొడవు ఇల్లు కట్టిస్తారు. అందులో వేల ఏళ్ళు పడుకున్నాడు అని ఉంది. అక్కడ ఆరు నెలల లెక్కే లేదు.

భారతంలో అరణ్యపర్వంలో వచ్చే రామకథలో ఇంకో మాట. అక్కడ మోసం లేదు, శాపం లేదు. బుద్ధిని తమస్సు కమ్మి తనే పెద్ద నిద్ర కోరుకున్నాడు. పైగా అక్కడ ఆయన్ని చంపేది లక్ష్మణుడు.

హిందూపురం_పద్మ
మూడు చోట్ల మూడు కారణాలు. శాపమైతే వాడు బాధితుడు, సరస్వతి కథ అయితే మోసపోయినవాడు, భారతం ప్రకారం తన ఖర్మ తనే కొనితెచ్చుకున్నవాడు. నాటకం రాసేవాళ్ళు మూడింట్లో ఒకటే పెట్టుకోవాలి. కలిపితే పాత్ర చెడిపోతుంది.

నంద్యాల_లెక్కలు
నాకు ఇంకో అనుమానం ఉంది. సభలో రావణుడు "ఆరు నెలలు నిద్రలో ఉన్నాడు కాబట్టి చెప్పలేదు" అన్నాడని కాండ_సర్గ గారు రాసినారు. ఆ సాకు నిలబడదు. చూడండి.

సీతను తెచ్చినాక రావణుడు పెట్టిన గడువు పన్నెండు నెలలు. హనుమంతుడు లంకకు పోయిన రాత్రి ఇంకా రెండు నెలలే మిగిలినాయి అని రావణుడే సీతతో అంటాడు. పదో నెల నడుస్తోంది అని సీత కూడా హనుమంతుడితో చెప్తుంది. హనుమంతుడు తిరిగొచ్చినాక వానరసేన నడిచి సముద్రం ఒడ్డుకు చేరింది, సభ జరిగింది. అంటే సభ పదో నెలలోనో పదకొండో నెలలోనో జరిగినట్టు. అక్కడ నుంచి ఆరు నెలలు వెనక్కి పోతే సీత వచ్చిన నాలుగో నెలో అయిదో నెలో అవుతుంది. ఆ నిద్ర మొదలయ్యే ముందు ఒక మెలకువ రోజు ఉండాలి కదా? అంటే సీత లంకలో ఉండగానే కుంభకర్ణుడు ఒకసారి లేచి, తిని, మళ్ళీ పడుకున్నాడు. రావణుడు ఆ రోజే చెప్పి ఉండొచ్చు. కావాలనే దాచిపెట్టినాడు.

తాడిపత్రి_శేషు
లెక్కల సార్ రావణుడిని కూడా బోర్డు దగ్గరకు పిలిచేసినాడు!

గుత్తి_కోట
లెక్క బాగుంది. అయితే ఒక రోజే మేలుకునేవాడికి ఆ రోజంతా తిండితోనే సరిపోతుంది. చెప్పే సందు దొరకలేదేమో.

నంద్యాల_లెక్కలు
యుద్ధం రోజు రెండువేల కుండలు తాగి కూడా నీతి చెప్పే సందు దొరికింది కదా గుత్తి అన్నా.

కాండ_సర్గ
సార్ లెక్క సరిగానే ఉంది, ఆరు నెలలు అనే అంకె గట్టిది అయితే. అసలు తంటా ఆ అంకెతోనే. 60వ సర్గలో కుంభకర్ణుడిని లేపమని పంపేటప్పుడు రావణుడు వేరే మాట అంటాడు. వీడు ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది నెలలు కూడా పడుకుంటాడు అంటాడు. ప్రతిని బట్టి అంకెలు కొంచెం మారతాయి గానీ, నిద్ర ఒక్కోసారి ఒక్కో పొడవు అనేదే అర్థం. పది నెలల నిద్ర, సభ పదో నెలలో అనుకుంటే సీత రాకముందే పడుకున్నాడు, సభ రోజుకు లేచినాడు, రావణుడి సాకు నిలబడుతుంది. అయితే సభలో ఆరు నెలలు అన్నది కూడా ఆ రావణుడే. ఒకే మనిషి రెండు చోట్ల రెండు లెక్కలు చెప్పినాడు.

దీనికన్నా ముఖ్యమైన మాట ఆ 60వ సర్గలోనే ఉంది. ఆలోచన చెప్పి పడుకున్నాడు, ఇది తొమ్మిదో రోజు అంటాడు. అంటే లేపించేనాటికి ఆయన నెలల నిద్ర చివర్లో లేడు, అప్పుడే నిద్రలోకి జారినాడు. మనం అందరం ఆరు నెలలు నిండబోతుంటే లేపినారు అనుకుంటాం. కాదు. పడుకుని తొమ్మిది రోజులే. అందుకే అంత కష్టమైంది.

పొద్దుటూరు_నాటకం
ఇది మాకు అస్సలు తెలియదు. అయితే నిద్రలేపే రంగం మొత్తం మారిపోతుంది. లేపే వరస కొంచెం చెప్పండి సార్, మావాళ్ళు ఊరికే డప్పులు కొట్టి ముగించేస్తున్నారు.

కాండ_సర్గ
వరస ఉంది. వాల్మీకి చాలా పద్ధతిగా రాసినాడు. ముందు గుహలోకి పోయినోళ్ళను ఆయన ఊపిరే వెనక్కి నెట్టేస్తుంది. కష్టపడి లోపలికి పోయి, దున్నలు, పందులు, జింకల మాంసం కొండలాగా పోసి, నెత్తురు కుండలు, కల్లు కుండలు పక్కన పెడతారు. లేస్తూనే ఆకలితో ఎవరిని తింటాడో అని భయం. అందుకే తిండి ముందు, లేపడం తర్వాత. మీ రంగంలో ఈ క్రమం తప్పకండి.

తర్వాత గంధం పూస్తారు, ధూపం వేస్తారు, పొగుడుతారు. కదలడు. శంఖాలు, కేకలు, భేరీలు. కదలడు. రోకళ్ళు, గదలు, కొండరాళ్ళతో కొడతారు. గుర్రాలు, ఒంటెలు, గాడిదలు, ఏనుగులను కర్రలతో అదిలించి మీదికి తోలుతారు. జుట్టు పీకుతారు, చెవులు కొరుకుతారు, చెవుల్లో వందల కుండల నీళ్ళు పోస్తారు. ఆఖరికి వెయ్యి ఏనుగులను ఒంటి మీద పరిగెత్తిస్తే, అప్పుడు ఏదో తగిలినట్టయి ఆవులిస్తూ లేస్తాడు. మెత్తగా మొదలై మెట్టుమెట్టుకూ పెరగాలి. మొదటే డప్పు కొడితే చివర్లో ఏనుగులకు బలం ఉండదు.

లేచినాక అడిగే మొదటి ప్రశ్న కూడా చూడండి. నన్ను ఎందుకు లేపినారు, రాజు క్షేమమేనా అంటాడు. ఊరికే లేపరు, పెద్ద ఆపద వచ్చి ఉండాలి అని తనే అనుకుంటాడు.

నిమ్మలకుంట_నీడ
మా తోలుబొమ్మలాటలో దీన్ని చాలాసేపు ఆడతారు. పడుకున్న బొమ్మ వేరు, యుద్ధం బొమ్మ వేరు. పడుకున్న బొమ్మకు కదిలేది పొట్ట, దవడ మాత్రమే. యుద్ధం బొమ్మకు భుజాల దగ్గర, మోచేతుల దగ్గర దారం ముళ్ళు. చేతులు తెగేటప్పుడు భుజం ముడి జారేట్టు కట్టాలి. గట్టిగా ముడేస్తే చెయ్యి రాదు, వదులుగా వేస్తే ముందే ఊడిపోతుంది. సుగ్రీవుడి చేతిలో ముక్కుచెవులు పోయినాక చూపించడానికి ఇంకో తల కావాలి. కొత్తోళ్ళు ఇది మర్చిపోయి ముక్కున్న బొమ్మతోనే రాముడి దగ్గరికి పోతారు. వాల్మీకి చెప్పిన కొలత ఏమన్నా ఉందా? మేం అందాజుగా రావణుడి బొమ్మ కన్నా పెద్దది చేస్తాం.

కాండ_సర్గ
65వ సర్గలో ఎత్తు ఆరువందల ధనుస్సులు, వెడల్పు వంద అని ఉంది. ఒక ధనుస్సు నాలుగు మూరలు. ఎత్తు రెండువేల నాలుగువందల మూరలన్నమాట.

నిమ్మలకుంట_నీడ
ఎత్తుకు ఆరో వంతే వెడల్పా? నాలుగడుగుల బొమ్మకు ఎనిమిది అంగుళాలు. ఆ లెక్కన చేస్తే సన్నగా పొడుగ్గా వస్తాడు. తెర మీద భయం పుట్టదు. మా పాతోళ్ళు నాలుగడుగులకు దాదాపు రెండడుగుల వెడల్పు పెట్టినారు. నేను దాన్నే పట్టుకుంటా.

హిందూపురం_పద్మ
ఆ కొలత యుద్ధానికి బయలుదేరేటప్పటిది. అంతకుముందే అన్న ఇంట్లోకి పోతే రావణుడు లేచి కావలించుకుని పక్కన ఆసనం మీద కూర్చోబెడతాడు. రెండువేల నాలుగువందల మూరల మనిషి ఆసనం మీద పట్టడు. రాక్షసులు కోరిన రూపం పొందుతారు కదా, బయటికి వచ్చినాక పెరిగినాడు అనుకోవాలి.

నంద్యాల_లెక్కలు
నేను తొమ్మిది రోజుల దగ్గరే ఆగిపోయినా. అది కుదరడంలేదు.

సభ తర్వాత విభీషణుడు అన్నను వదిలి రాముడి దగ్గరికి వచ్చినాడు. ఆ తర్వాత రాముడు సముద్రుడి కోసం దర్భల మీద మూడు రాత్రులు పడుకున్నాడు. ఆ తర్వాత వారధి అయిదు రోజులు పట్టింది. మొదటి రోజు 14 యోజనాలు, తర్వాత 20, 21, 22, 23. మొత్తం వంద. ఇక్కడికే ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజున సేన సముద్రం దాటి ఉండాలి. సువేల కొండ మీద ఒక రాత్రి ఉండాలి, అంగదుడి రాయబారం కావాలి, నాగపాశం రాత్రి కావాలి, ధూమ్రాక్షుడు, వజ్రదంష్ట్రుడు, అకంపనుడు, ప్రహస్తుడు చావాలి, రావణుడే వచ్చి ఓడిపోవాలి. ఇవన్నీ అయినాకే కుంభకర్ణుడిని లేపేది. తొమ్మిది రోజుల్లో ఎట్లా పట్టిస్తారు?

కాండ_సర్గ
పట్టదు. నేనూ ఒప్పుకుంటా. సేన దాటినాక కుంభకర్ణుడు ఇంకోసారి లేచి ఇంకో ఆలోచన చెప్పినాడు, తొమ్మిది రోజులు అక్కడి నుంచి లెక్కపెట్టాలి అని ఒకరు అనొచ్చు. కానీ ఆ మధ్యలో ఆయన లేచినట్టు చెప్పే సర్గ వాల్మీకిలో లేదు.

ఆదోని_పత్తి
అయితే సభ సర్గే తర్వాత ఎవరో చేర్చినారు అనుకుంటే సరిపోతుంది. ఆరు నెలలు పడుకున్నాడు, యుద్ధానికి లేపినారు, చచ్చినాడు. చిక్కులేదు.

కాండ_సర్గ
దానికి 63వ సర్గ అడ్డం వస్తుంది అన్నా. లేచి రావణుడి దగ్గరికి పోయినప్పుడు కుంభకర్ణుడు నవ్వి అనే మొదటి మాట ఇది: ముందు ఆలోచన చేసినప్పుడు మేం ఏ కీడు చూసినామో అదే ఇప్పుడు నీ మీదికి వచ్చింది. సభ తీసేస్తే ఈ మాటకు ఆధారం పోతుంది. లెక్క కుదరకపోయినా సభ కావాలి.

ఆ 63వ సర్గ మీ నాటకానికి గుండెకాయ. రాజు ఏది ముందు చెయ్యాలో ఏది తర్వాత చెయ్యాలో తెలుసుకోవాలి, మంత్రుల మాట వినాలి అని చెప్తుంటే రావణుడికి మండిపోతుంది. నువ్వేమన్నా నా గురువువా, అయిపోయిందాని గురించి ఇప్పుడెందుకు, నా మీద ప్రేమ ఉంటే నా తప్పును నీ బలంతో సరిచెయ్యి అంటాడు. కుంభకర్ణుడు వెంటనే మెత్తబడతాడు. బంధువును కాబట్టి, తమ్ముడి ప్రేమ కొద్దీ చెప్పినాను, ఇక నువ్వు బాధపడొద్దు అంటాడు. వాదం అక్కడ ముగిసింది, మనిషి ఓడిపోలేదు. ఈ మలుపు నటించడం కష్టం. చాలామంది కోపంగా "సరే పోతా" అన్నట్టు చేస్తారు, అప్పుడు పాత్ర పోతుంది.

గుత్తి_కోట
నాకు ఇక్కడే ఒప్పుదల లేదు. విభీషణుడు అదే చెప్పినాడు, వినకపోతే వదిలి వచ్చినాడు. తప్పని తెలిసి తప్పు కోసం పోరాడేవాడిని గొప్పోడు అంటే ఎట్లా? ఊర్లో కక్షల్లో కూడా "మావాడు కాబట్టి పోయినా" అన్నవాళ్ళే గదా రెండు తరాలు కాల్చింది.

తాడిపత్రి_శేషు
ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యలేదు. నాకు విభీషణుడికన్నా ఇతనే నచ్చుతాడు.

హిందూపురం_పద్మ
శేషు అన్నా, మీరు చెప్పేది కంబ రామాయణం కుంభకర్ణుడు. అక్కడ యుద్ధభూమిలో విభీషణుడు వచ్చి రాముడి వైపు రమ్మంటే, ఇన్నాళ్ళు పెంచి యుద్ధానికి సిద్ధం చేసినవాడి కోసం ప్రాణం ఇవ్వకుండా ఎట్లా వస్తాను, నువ్వు బతికి మా అందరికీ తర్పణం వదులు అంటాడు. ముక్కు పోయిన తన తలను ఎవరూ చూడకుండా సముద్రంలో పడేయమని రాముడినే అడుగుతాడు. వాల్మీకిలో కుంభకర్ణుడు అంత మెత్తనివాడు కాదు. యుద్ధంలో వానరులనూ రాక్షసులనూ తేడా తెలియకుండా తినేస్తాడు. గుత్తి అన్న కోపానికి వాల్మీకిలో ఆధారం ఉంది, శేషు అన్న ఇష్టానికి కంబనిలో ఆధారం ఉంది.

గుత్తి_కోట
అట్లా చెప్తే సగం ఒప్పుకుంటా.

కాండ_సర్గ
చచ్చినాక రావణుడు ఏడ్చినప్పుడు, నా కుడిచెయ్యి పోయింది అంటాడు. వెంటనే విభీషణుడి మాట వినలేదు, దాని ఫలం ఇది అని సిగ్గుపడతాడు. బతికుండగా తన ఎదురుగా అదే మాట చెప్పిన కుంభకర్ణుడిని ఆ మాటకు తలుచుకోడు. ఎందుకో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

పొద్దుటూరు_నాటకం
సభ రంగం చేరుస్తున్నాం. నిద్రకు కారణంగా 61వ సర్గ శాపమే పెట్టుకుంటాం, అన్న బతిమాలిన ముక్కతో సహా. సరస్వతి ఊసు ఎత్తం. తొమ్మిది రోజులు అనే మాట రావణుడితో అనిపిస్తాం, మధ్యలో ఎన్ని రోజులు గడిచినాయో తెర మీద చెప్పం. ముక్కు చెవులు పోయే ఘట్టం స్టేజీ మీద ఎట్లా చెయ్యాలో ఇంకా తెలియడంలేదు.

నిమ్మలకుంట_నీడ
సుగ్రీవుడు స్పృహ తప్పి ఆయన చంకలో ఉంటాడు కదా. లంక వీధుల్లో జనం మేడల మీద నుంచి పూలు, గంధం నీళ్ళు చల్లుతారు, ఆ చల్లదనానికే సుగ్రీవుడికి తెలివి వస్తుంది. ఆ పూలు చల్లేటప్పుడే మీ మనిషి వెనక్కి తిరగాలి. పూలు పడే సందులో ముక్కుకు, చెవులకు ఎర్ర గుడ్డ తగిలించి మళ్ళీ ముందుకు తిరిగితే సరిపోతుంది. గుడ్డను ముందే కిరీటం లోపల మడిచి పెట్టుకోండి. అది పట్టేంత వెనకభాగం కిరీటానికి ఉండాలి, మామూలు రాజు కిరీటం సరిపోదు.

ఆదోని_పత్తి
నవమికి నేను వస్తా. మధ్యలో లేపితే చావు అనే మాట లేకపోతే మా ఊరోళ్ళు అడుగుతారు, జవాబు తయారు పెట్టుకోండి.